చెయ్యి పట్టుతప్పి మాట తడబడితే ఇంట్లో ఎందుకు ఆగకూడదు?

ఒక పక్క చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారి, పట్టు తప్పి, అదే సమయంలో మాట కూడా తడబడితే లోపం చేతిలోనూ లేదు, నాలుకలోనూ లేదు, మెదడులో ఉంది. చేతి నరం నొక్కుకుపోతే చెయ్యి తిమ్మిరెక్కుతుంది గానీ మాట పోదు. నోట్లో పుండో, పంటి వాపో ఉంటే మాట ముద్దగా వస్తుంది గానీ చేతిలోని గ్లాసు జారిపోదు. రెండూ ఒక్కసారే దెబ్బతిన్నాయంటే ఆ రెండింటినీ నడిపే చోటే దెబ్బతిని ఉండాలి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోవడమో, నాళం చిట్లి రక్తం మెదడులోకి కారడమో దీనికి ముఖ్య కారణాలు. డాక్టర్లు దీన్ని స్ట్రోక్ అంటారు, వాడుకలో పక్షవాతం.

పక్షవాతం అనగానే చాలామందికి గుర్తొచ్చేది కాలూ చెయ్యీ పడిపోయి, మూతి వంకర పోయి మంచం పట్టిన మనిషి. మొదలు మాత్రం తరచు అలా ఉండదు. మెదడు ఎడమ సగం శరీరపు కుడివైపును నడుపుతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ మాటకు సంబంధించిన భాగాలు కూడా ఈ ఎడమ సగంలోనే ఉంటాయి. మెదడు పక్క భాగంలో ముఖాన్నీ చేతినీ కదిలించే చోటు, మాటను కూర్చే చోటు ఇరుగుపొరుగున ఉంటాయి. ఈ మూడింటికీ రక్తం తెచ్చేది మధ్య మస్తిష్క ధమని అనే ఒకే నాళం. కాలిని నడిపే చోటు మెదడు రెండు సగాల మధ్య లోపలి మడతలో, మరో నాళం కింద ఉంటుంది. అందుకే మధ్య ధమని కొమ్మ ఒకటి మూసుకుపోయినప్పుడు చెయ్యి పడిపోయి, మాట తడబడినా మనిషి లేచి నడవగలడు. ‘నడుస్తూనే ఉన్నాడుగా, పక్షవాతమైతే నడుస్తాడా’ అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పుకునేది సరిగ్గా ఇక్కడే. ఆ నడక దేనికీ హామీ కాదు.

మోసపోవడానికి ఇంకో కారణం నొప్పి లేకపోవడం. గుండెపోటులో ఛాతీ పట్టేస్తుంది, చెమటలు పోస్తాయి, మనిషే భయపడి ఆసుపత్రికి పదమంటాడు. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. గడ్డ అడ్డుపడినప్పుడు చాలామందికి తలనొప్పి కూడా ఉండదు. పైగా మాట పోయిన మనిషి తన బాధ తాను చెప్పుకోలేడు. కొందరికి తాము తప్పు మాటలు మాట్లాడుతున్నట్టే తెలియదు. అందుకే పక్కనున్నవాళ్లు గమనించి నిర్ణయం తీసుకోవాల్సిన జబ్బుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

మాట తడబడటం అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో మాట ముద్దముద్దగా, తాగినవాడి మాటలా వస్తుంది. చెప్పాలనుకున్నది సరిగానే ఉంటుంది, పలికే కండరాలకే పట్టు తప్పుతుంది. మరికొందరిలో పలుకు స్పష్టంగానే ఉంటుంది, మాటే దొరకదు. ఎదురుగా ఉన్న తాళంచెవిని చూపిస్తే ‘అదే... అది... తలుపుది’ అంటూ ఆగిపోతారు, లేదా నీళ్లు కావాలనుకుని చెప్పులు అంటారు. ఇంకొందరు గలగలా మాట్లాడతారు గానీ అందులో అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ వాళ్లకు అర్థం కాదు. ఈ మూడో రకాన్ని ఇంట్లోవాళ్లు మతిభ్రమణమనో, రాత్రి నిద్ర లేకపోవడమనో అనుకుంటారు. ఉన్నట్టుండి మొదలైతే ఈ మూడూ ఒకే స్థాయి ప్రమాదాలు.

అనుమానం వచ్చినప్పుడు చూడాల్సినవి మూడే. పళ్లు కనిపించేలా నవ్వమంటే మూతి ఒక పక్కకు లాగుతుందా అన్నది ఒకటి. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి రెండు చేతులూ ముందుకు చాచమంటే 10 సెకన్లలో ఒక చెయ్యి కిందికి జారుతుందా, లేదా అరచెయ్యి లోపలికి తిరిగిపోతుందా అన్నది రెండోది. ఏదైనా చిన్న వాక్యం చెప్పి తిరిగి అనమంటే తడబడుతుందా అన్నది మూడోది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది చాలు. మూడూ కనిపించేదాకా ఆగాల్సిన పని లేదు. మూడూ మామూలుగా ఉన్నా, కాసేపటి క్రితం మాట తడబడినట్టు చూసినవాళ్లు చెబితే ఆ మాటనే నమ్మాలి. ఇంట్లో చేసే ఈ పరీక్ష త్వరగా బయల్దేరడానికి పనికొస్తుంది, ఆగిపోవడానికి పనికిరాదు.

రక్తం ఆగిన తర్వాత మెదడులో ఏం జరుగుతుందో తెలిస్తే తొందర దేనికో అర్థమవుతుంది. శరీరం బరువులో మెదడు సుమారు రెండు శాతమే, కానీ గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దానికే పోతుంది. తనలో నిల్వ చేసుకునేది దాదాపు ఏమీ ఉండదు. రక్తం పూర్తిగా ఆగిన నడిమి భాగం కొన్ని నిమిషాల్లోనే చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న మేర వెంటనే చావదు, పక్క నాళాల నుంచి కొద్దికొద్దిగా అందే రక్తంతో ఊపిరి నిలుపుకుని ఉంటుంది. తూము మూసేసిన కాలువ కింద తూము దగ్గరి మడి నెర్రెలిచ్చినా, పక్క మడుల నుంచి ఊట దిగే చేలు కొంతకాలం వాడుముఖంతో నిలబడినట్టే ఇది కూడా. ఆ భాగంలోని కణాలు పని మానేస్తాయి గానీ బతికే ఉంటాయి. చెయ్యి కదలకపోవడంలో, మాట రాకపోవడంలో చాలా భాగం ఈ పని మానేసిన కణాల వల్లే. రక్తం మళ్లీ అందితే అవి తేరుకుంటాయి, అందకపోతే గంటల వ్యవధిలో ఒక్కో అంచూ చచ్చిన భాగంలో కలిసిపోతుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో అమెరికా నరాల వైద్యుడొకరు లెక్కగట్టారు. అది సగటు మాత్రమే. పక్క నాళాలు బాగున్నవాళ్లలో నెమ్మదిగా, లేనివాళ్లలో ఇంకా వేగంగా పోతాయి. ఎవరి నాళాలు ఎలాంటివో బయటి నుంచి చూసి చెప్పే దారి లేదు.

గడ్డను కరిగించే మందు ఉంది. ఆల్టిప్లేజ్ అనే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన 3 గంటల్లో ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికాలో జరిగిన పరీక్ష చూపింది. ఆ గడువు నాలుగున్నర గంటల దాకా పొడిగించవచ్చని 2008లో ఐరోపాలో తేలింది. ఈ నాలుగున్నర గంటలు అనే అంకె జనంలోకి వెళ్లి కొంత చెరుపు కూడా చేసింది. అప్పటిదాకా తీరుబడి ఉందన్న అర్థం అందులో లేదు. ఈ మందు మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2010లో వేసిన లెక్క ప్రకారం, మొదటి 90 నిమిషాల్లో మందు పడితే సుమారు ఐదుగురిలో ఒకరు అదనంగా వైకల్యం లేకుండా, లేదా నామమాత్రపు ఇబ్బందితో బయటపడతారు. మూడు గంటలు దాటి నాలుగున్నర గంటల్లోపు పడితే ఆ మేలు 14 మందిలో ఒకరికే దక్కుతుంది. మందు అదే, మనిషీ అదే, మధ్యలో పోయింది కాలమొక్కటే.

ఇదే మందును నాళం చిట్లినవాడికి ఇస్తే ప్రాణమే పోవచ్చు. గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా చెయ్యి ఒకేలా పడిపోతుంది, మాట ఒకేలా తడబడుతుంది. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మత్తు చిట్లినప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి గానీ వాటిని బట్టి తేల్చేయడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కుదరదు. తలకు సీటీ స్కాన్ తీస్తే కారిన రక్తం తెల్లగా కనబడుతుంది. రెండు మూడు నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్షే దారిని విడదీస్తుంది. కాబట్టి స్కాన్ లేని చోట ఈ జబ్బుకు అసలు వైద్యం మొదలు కాదు. గుండెపోటుకు చేసినట్టు ఇంట్లోనే ఆస్పిరిన్ మింగించడం ఇక్కడ పనికిరానిది కూడా ఇందుకే. చిట్లిన నాళమైతే ఆ బిళ్ల రక్తస్రావాన్ని పెంచవచ్చు. పైగా మాట తడబడినవాళ్లలో చాలామందికి మింగే పట్టు కూడా తప్పుతుంది, బిళ్లా నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. ‘కాసిని మంచినీళ్లు తాగించండి’ అన్న దయగల మాట కూడా ఇక్కడ హానే చేస్తుంది.

బీపీ సంగతీ అంతే. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆ సమయంలో బీపీ పెరిగి ఉంటుంది. అడ్డును దాటి ఎలాగోలా రక్తాన్ని తోయడానికి శరీరం చేసే ప్రయత్నం అందులో కొంత. ఇంట్లోనో, దగ్గరి క్లినిక్‌లోనో అదనంగా ఒక బీపీ బిళ్ల వేసి, లేదా నాలుక కింద పెట్టి దాన్ని ఒక్కసారిగా దించేస్తే ఊటతో బతుకుతున్న ఆ భాగానికి అందే కాస్త రక్తమూ ఆగిపోతుంది. గడ్డను కరిగించే మందు ఇచ్చే ముందు బీపీని 185/110 కంటే కిందికి తేవాలి, నిజమే. ఆ పని స్కాన్ చూశాక, నరంలోకి కొలిచి ఎక్కించే మందుతో, నిమిషం నిమిషం చూసుకుంటూ చేస్తారు.

ఈ కాలమంతా ఎక్కడ పోతుందో ఒక ఊహా ఉదాహరణలో చూడవచ్చు. స్కాన్ ఉన్న ఆసుపత్రికి 45 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. 58 ఏళ్ల రైతు, బరువు 60 కిలోలు, ఐదారేళ్లుగా బీపీ ఉంది, బిళ్లలు వేసుకోవడం అంతంతమాత్రం. పొద్దున 6 గంటల 50 నిమిషాలకు అరుగు మీద కూర్చుని టీ తాగుతుండగా కుడిచేతిలోంచి గ్లాసు జారింది. భార్య ‘ఏమైందయ్యా’ అంటే జవాబు ముద్దగా వచ్చింది. చెయ్యి పైకెత్తబోతే సగంలోనే వాలిపోయింది. లేచి లోపలికి మాత్రం తనే నడిచాడు.

కొడుకు 7 గంటలకు 108కు ఫోన్ చేసి ‘పక్షవాతంలా ఉంది, 6 గంటల 50కి మొదలైంది’ అని చెప్పాడనుకుందాం. 7 గంటల 25కు అంబులెన్స్ వస్తుంది, 8 గంటల 35కు ఆసుపత్రికి చేరుతుంది. సూదితో వేలి చివర రక్తం తీసి షుగర్ చూస్తారు, ఎందుకంటే షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. 8 గంటల 55కు స్కాన్ అవుతుంది, రక్తస్రావం లేదు. బీపీ 190/100 ఉంటే నరంలోకి మందిచ్చి దించుతారు. 9 గంటల 15కు ఆల్టిప్లేజ్ మొదలవుతుంది. కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 54 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు ఒక్క నిమిషంలో, మిగిలింది గంటసేపట్లో. ఈ మధ్య చాలాచోట్ల దాని బదులు టెనెక్టిప్లేజ్‌ను ఒకే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. మొదలైనప్పటి నుంచి మందు పడేదాకా 2 గంటల 25 నిమిషాలు. 45 కిలోమీటర్ల దూరాన్ని తట్టుకుని కూడా మూడు గంటల లోపే.

అదే ఇంట్లో ఇంకోలా జరిగిందనుకుందాం. ‘రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాడేమో, కాస్త నడుం వాలిస్తే తగ్గుతుంది’ అని 8 గంటల దాకా చూశారు. తర్వాత ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలిచారు. ఆయన బీపీ చూసి బిళ్ల ఇచ్చి, సెలైన్ పెట్టి, తొమ్మిదిన్నరకు ‘టౌనుకు తీసుకెళ్లండి’ అన్నాడు. దగ్గరి టౌన్లోని నర్సింగ్‌హోంలో స్కాన్ లేదు. అక్కడ చీటీ రాయించుకుని, కారు మాట్లాడుకుని, పెద్దాసుపత్రికి చేరేసరికి 11 గంటలు. స్కాన్ చేతికొచ్చేది 11 గంటల 25కు. నాలుగున్నర గంటల గడువు 11 గంటల 20కే తీరింది. ఈ కథలో ఎవరూ ఊరికే కూర్చోలేదు, ప్రతి ఒక్కరూ తమకు తోచింది చేశారు. కాలం పోయింది దూరం వల్ల కన్నా మజిలీల వల్ల. పసరు పోయించడం, పావురం నెత్తురు రాయించడం లాంటివి ఇంకా సాగే చోట్ల గంటలు కాదు, రోజులే పోతాయి.

అందుకే బయల్దేరేటప్పుడు అడగాల్సింది ఏ ఆసుపత్రి దగ్గర అని కాదు, రాత్రీపగలూ సీటీ స్కాన్ ఉండి గడ్డ కరిగించే మందు ఇచ్చే ఆసుపత్రుల్లో ఏది దగ్గర అని. ఇంట్లో బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లుంటే ఆ వివరం ముందే కనుక్కుని పెట్టుకోవడం మంచిది. దారిలోంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తే స్కాన్ గది సిద్ధంగా ఉంటుంది. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అన్న ఒక్క వివరంతో వైద్యం మారిపోతుంది. మనిషి మత్తుగా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

గడ్డ కరిగించే మందుకు తనదైన ముప్పు ఉంది. 1995 నాటి పరీక్షలో మందు తీసుకున్న వందమందిలో ఆరుగురికి మెదడులో ప్రమాదకరంగా రక్తం కారింది. ఈమధ్యే పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, కొన్నిరకాల రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు దీన్ని ఇవ్వరు. పెద్ద నాళంలో అడ్డుపడ్డ పెద్ద గడ్డను ఇది చాలాసార్లు కరిగించలేదు కూడా. అలాంటప్పుడు తొడ దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగేస్తారు. దీని మేలు 2015లో వరసగా వెలువడిన పరీక్షలతో ఖాయమైంది. మామూలుగా 6 గంటల్లోపు చేస్తారు. స్కాన్‌లో ఇంకా బతికున్న భాగం తగినంత కనిపిస్తే 24 గంటల దాకా చేయవచ్చని 2018లో తేలింది. కాబట్టి నాలుగున్నర గంటలు దాటాయని వెనక్కి తిరగడమూ తప్పే.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది దానంతటదే తగ్గిపోయే దాడి. చెయ్యి పట్టు తప్పుతుంది, మాట తడబడుతుంది, పది నిమిషాలకో అరగంటకో అంతా మామూలవుతుంది. ఇంట్లోవాళ్లు దేవుడికి దండం పెట్టుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. జరిగిందేమిటంటే, అడ్డుపడిన చిన్న గడ్డ దానంతటదే కరిగిపోయింది. ఆ గడ్డను పుట్టించింది మాత్రం అక్కడే ఉంది. అది మెడలోని ధమనిలో పేరుకున్న కొవ్వు కావచ్చు, లయ తప్పి కొట్టుకునే గుండెలో నిలవ ఉన్న రక్తం కావచ్చు. అదే చోటు నుంచి రెండో గడ్డ రావడానికి అడ్డేమీ లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటి దాడి వచ్చిన 1,700 మందికి పైగా రోగులను గమనించి 2000లో ప్రకటించిన ఫలితాల్లో, 90 రోజుల్లోపు నూటికి పదిమందికి పైగా అసలు స్ట్రోక్ వచ్చింది. వారిలో సగం మందికి అది మొదటి రెండు రోజుల్లోనే వచ్చింది. ‘సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దాంలే’ అనుకునే శని, ఆదివారాలే అత్యంత ప్రమాదకరమైన రోజులన్నమాట. చెయ్యి పూర్తిగా మామూలయిందనుకున్నవాళ్లలో కూడా ఎంఆర్‌ఐ తీస్తే సుమారు మూడో వంతు మందిలో మెదడులో చిన్న మచ్చ కనబడుతుంది.

ఈ దశలో వైద్యం చాలా తేలిక, ఫలితం చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి రోగులను రోజుల తరబడి ఆపకుండా అదే రోజు చూసి, అప్పుడే మందులు మొదలుపెడితే తర్వాతి 90 రోజుల్లో స్ట్రోక్ ముప్పు 80 శాతం తగ్గిందని 2007లో తేలింది. అందులో కొత్త మందులేమీ లేవు. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్‌ను కొద్దివారాలు ఇవ్వడం, కొలెస్టరాల్ మందు, బీపీ అదుపు. మెడ ధమని బాగా సన్నబడిందని అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే రెండు వారాల్లోపు దాన్ని శుభ్రం చేసే ఆపరేషన్ చేస్తారు. ఈసీజీలో గుండె లయ తప్పినట్టు దొరికితే ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టకుండా ఆపే వేరే మందు జీవితాంతం వాడాలి. ఒకరికి రాసిన చీటీ చూసి మరొకరు కొనుక్కుని వేసుకోకూడనిది ఈ తేడా వల్లే.

మామూలు తిమ్మిరిని చూసి ప్రతిసారీ హడలిపోవాలని కాదు. చెయ్యి ఒత్తిడిలో ఉండి తిమ్మిరెక్కితే సూదులు గుచ్చినట్టుండి, విదిలిస్తే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మెడ ఎముకల దగ్గర నరం నొక్కుకుంటే నొప్పి భుజం నుంచి వేళ్లదాకా లాగుతుంది, మెడ తిప్పితే మారుతుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లలో చిమచిమ వేళ్ల దగ్గర మొదలై పది ఇరవై నిమిషాల్లో మెల్లగా పైకి పాకుతుంది, తర్వాత తలనొప్పి వస్తుంది. స్ట్రోక్‌లో చాలాసార్లు అంతా క్షణాల్లో, ఒక్కసారే జరుగుతుంది, చిమచిమ కన్నా స్పర్శ పోవడం, పట్టు పోవడం ఎక్కువగా ఉంటుంది. ఇవి స్థూలమైన తేడాలే. తిమ్మిరితోపాటు మాట కూడా తడబడితే, లేదా మూతి వంకరపోతే ఈ తేడాల తర్కం ఇంట్లో చేయకూడదు. పార్శ్వపు నొప్పి అని తేలి ఆసుపత్రి నుంచి తిరిగొస్తే పోయేది రానుపోను ఖర్చే.

నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. అప్పుడు లెక్క మొదలయ్యేది మెలకువ వచ్చిన సమయం నుంచి కాదు, ఆ మనిషిని చివరిసారి మామూలుగా చూసిన సమయం నుంచి. రాత్రి 10 గంటలకు పడుకున్న మనిషి మూడింటికి లేచి నీళ్లు తాగి మంచిగా మాట్లాడాడని ఇంట్లో ఒకరికి గుర్తుంటే ఐదు గంటలు తగ్గిపోతాయి. అలా ఎవరికీ గుర్తులేకపోయినా, మచ్చ వయసును అంచనా వేసే ఎంఆర్‌ఐ సాయంతో కొందరికి మందు ఇవ్వగలుగుతున్నారు. ఆసుపత్రిలో డాక్టరు మొట్టమొదట అడిగేది ఈ సమయమే కాబట్టి, చివరిసారి మాట్లాడిన మనిషి అంబులెన్స్‌లో వెంట వెళ్లాలి, కుదరకపోతే ఫోన్లోనైనా అందుబాటులో ఉండాలి.